గ్రంథాలయ గ్రాంటు దరఖాస్తు: ముందు రిజిస్టర్లు తెరవండి

ప్రశ్న: మా బడిలో గ్రంథాలయ బాధ్యత నాది. నా అసలు పని లెక్కలు చెప్పడం. ఆరు నుంచి పదో తరగతి దాకా 360 మంది పిల్లలున్నారు. రిజిస్టరు ప్రకారం 2,900 పుస్తకాలున్నాయి, కానీ పిల్లలు పెద్దగా తీసుకెళ్లరు. వారానికి రెండు రోజులు, విరామ సమయంలో అరగంట గది తెరుస్తాను. ఒక సంస్థ బడి గ్రంథాలయాలకు ఏడాది గ్రాంటు ఇస్తోంది. అవసరాల వివరణ, బడ్జెట్ సమర్థన, కొలవదగిన ఫలితాలు రాయమంది. ‘మా బడిలో మంచి గ్రంథాలయం లేదు. 3,000 కొత్త పుస్తకాలు, నాలుగు కంప్యూటర్లు, ఫర్నిచర్ ఇస్తే పిల్లల్లో పఠనాసక్తి పెరిగి మార్కులు మెరుగవుతాయి’ అన్నట్టుగా రాశాను. చదివిన స్నేహితురాలు ఇది నిలవదంది. ఎందుకు నిలవదు? ఎలా రాయాలి?
— ఒక ఉపాధ్యాయురాలు

టీచర్ గారూ,

మీ స్నేహితురాలు సరిగ్గానే పట్టుకున్నారు. దరఖాస్తు చదివే పరిశీలకులకు మొదట వచ్చే సందేహం ఒకటే. ఉన్న 2,900 పుస్తకాలే కదలనప్పుడు కొత్తగా వచ్చే 3,000 మాత్రం ఎందుకు కదులుతాయి? మీ చిత్తుప్రతిలో దీనికి జవాబు లేదు. ‘మంచి గ్రంథాలయం లేదు, కాబట్టి గ్రంథాలయం ఇవ్వండి’ అన్నప్పుడు, అడుగుతున్న వస్తువు లేకపోవడమే అవసరం అని చెప్పినట్టయింది. అవసరం అంటే పిల్లలకు జరగాల్సింది ఏది జరగడం లేదు, ఎందుకు జరగడం లేదు అన్నది. ఆ ‘ఎందుకు’ తేలితే బడ్జెట్‌లో ఏముండాలో తెలుస్తుంది, ఫలితాల్లో దేన్ని కొలవాలో తెలుస్తుంది. కాబట్టి రాయడం వారం పది రోజులు పక్కనపెట్టి, మీ దగ్గరున్న రెండు రిజిస్టర్లు తెరవండి. ఒకటి పుస్తకాలు చేరినప్పుడు రాసుకునే యాక్సెషన్ రిజిస్టరు, రెండోది పిల్లలకు ఇచ్చినప్పుడు రాసే ఇష్యూ రిజిస్టరు.

మీ బడి అసలు అంకెలు నా దగ్గర లేవు. మీరు చెప్పిన 360, 2,900 తప్ప మీ బడి గురించి కింద వచ్చే అంకెలన్నీ పద్ధతి చూపడానికి నేను ఊహించి వేసినవి. మీ సర్వేలో వేరే అంకెలు వస్తే లెక్క అలాగే ఉంచి అంకెలు మార్చుకోండి.

యాక్సెషన్ రిజిస్టరులో ప్రతి ఇరవయ్యో నంబరునూ ఒక కాగితం మీద రాసుకోండి. 2,900కి 145 నంబర్లు వస్తాయి. ఆ 145 పుస్తకాలను అలమరల్లో వెతకండి. అలమరలోంచి ఏరకుండా రిజిస్టరు నుంచి ఎందుకు మొదలుపెట్టాలంటే, పోయిన పుస్తకాలు అలమరలో కనిపించవు, రిజిస్టరులో మాత్రం ఉంటాయి. ఒక్కో పుస్తకానికీ మూడే సంగతులు రాయండి: దొరికిందా, చదవగలిగే స్థితిలో ఉందా, ఏ తరగతి పిల్లలకు సరిపోతుంది? చిరిగిపోయినవీ, విషయం పాతబడి తప్పుదారి పట్టించేవీ, పెద్దలకు తప్ప పిల్లలకు పనికిరానివీ ‘పనికిరానివి’ కిందికి వెళ్తాయి. సరిపోతుందో లేదో మీరొక్కరే తేల్చకండి. ఆరో తరగతి పిల్లను ఒక పేజీ చదవమనండి. ఆ ఒక్క పేజీలో తెలియని మాటలు అయిదు దాటితే, ఆ పుస్తకం ఆ వయసుకు ప్రస్తుతానికి బరువే.

145లో 29 దొరకలేదు, 58 దొరికినా పనికిరావు, 58 పనికొస్తాయి అనుకుందాం. అంటే నూటికి నలభై. మొత్తం మీద చూస్తే పనికొచ్చేవి సుమారు 1,160. నమూనా లెక్క కాబట్టి నూటికి ఎనిమిది అటూ ఇటూ కావచ్చు, అంటే 930కీ 1,390కీ మధ్య ఎక్కడో ఉంటుంది. లెక్కల టీచరు కాబట్టి ఈ మాట మీరు ధైర్యంగా రాయగలరు. ‘145 పుస్తకాల నమూనా ఆధారంగా’ అన్న రెండు ముక్కలు చూస్తే ఇది గాలిలోంచి తీసిన అంకె కాదని పరిశీలకులకు వెంటనే తెలుస్తుంది.

ఈ పని చేయకపోతే ఏమవుతుందో చూడండి. గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా, యునెస్కోల పేరిట 2002లో వచ్చిన బడి గ్రంథాలయ మార్గదర్శకాలు విద్యార్థికి పది పుస్తకాలు ఉండాలన్నాయి. దరఖాస్తుల్లో చాలామంది ఈ కొలతనే ఎత్తి రాస్తారు. మీ రిజిస్టరు అంకె ప్రకారం పిల్లకు ఎనిమిది పుస్తకాలున్నాయి. ఆ లెక్కన చూసేవాళ్లకు మీ బడి దాదాపు ఒడ్డునే ఉన్నట్టు కనిపిస్తుంది. పనికొచ్చేవి మాత్రమే లెక్కిస్తే ఒక్కొక్కరికి మూడు చిల్లర. అయితే ఆ మార్గదర్శకాల్లో పుస్తకాలు అవసరానికి తగినవిగా, తాజాగా ఉండాలన్న షరతు కూడా ఉంది. చాలామంది వదిలేసే ఆ భాగమే మీకు పనికొస్తుంది.

ఇంకొక అడుగు లోపలికి వెళ్లండి, అసలు అవసరం అక్కడ బయటపడుతుంది. పనికొచ్చే 58లో 42 తొమ్మిది, పది తరగతులకు సరిపోయేవి, 16 మాత్రమే ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు చదవగలిగేవి అని తేలిందనుకోండి. మొత్తం మీద పెద్ద పిల్లలు 140 మందికి 840 పుస్తకాలు, చిన్న పిల్లలు 220 మందికి 320. ఒక వైపు తలకు ఆరు, మరో వైపు ఒకటిన్నర కూడా లేవు. అయితే 16 అన్నది మరీ చిన్న అంకె, దాని మీద కట్టిన 320ని నమ్మి డబ్బు అడగకండి. ఒక సాయంత్రం కూర్చుని చిన్న తరగతుల పుస్తకాలను అలమరల్లోంచి విడిగా తీసి పూర్తిగా లెక్కపెట్టండి. బడ్జెట్ అంతా ఆ అంకె మీదే నిలబడుతుంది.

ఇప్పుడు ఇష్యూ రిజిస్టరు. గడిచిన మూడు నెలల పేజీలు తీసి, ఎన్ని పుస్తకాలు వెళ్లాయన్నదాని కంటే ఎంతమంది తీసుకున్నారో చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 62 సార్లు పుస్తకాలు వెళ్లాయి, తీసుకున్నది 31 మంది, ప్రతి నెలా కనీసం ఒకటి తీసుకున్నది 9 మంది అనుకుందాం. 62 అన్న అంకెలో సగం పైగా పది మంది చదువరి పిల్లలదే కావచ్చు. వాళ్లు గ్రాంటు రాకపోయినా చదువుతారు. మిగిలిన 189 మంది మూడు నెలల్లో ఒక్క పుస్తకం కూడా ఇంటికి తీసుకెళ్లలేదన్నదే మీ అవసరాల వివరణకు వెన్నెముక.

వాళ్లెందుకు తీసుకెళ్లలేదో వాళ్లనే అడగండి. ఒక్కో తరగతిలో కొంతమందిని చీటీలు తీసి ఎంచుకుని, పేరు రాయకుండా జవాబు రాయమనండి. సాధారణంగా మూడు రకాల జవాబులు వస్తాయి: నాకు అర్థమయ్యే పుస్తకాలు లేవు, నేను వచ్చేసరికి గది మూసి ఉంది, పోతే డబ్బు కట్టమంటారని భయం. మూడోదాన్ని పెద్దలు చాలాసార్లు ఊహించలేరు, కానీ పుస్తకాన్ని తాకకుండా ఆపేది అదే. దానికి గ్రాంటు అక్కర్లేదు, ప్రధానోపాధ్యాయుల సంతకంతో ఒక నిర్ణయం చాలు.

గది వేళల సంగతి మీరే లెక్కగట్టి చూడండి. రిజిస్టరులో రాసి పుస్తకం ఇవ్వడానికో, తిరిగి తీసుకోవడానికో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పట్టిందనుకుంటే అరగంటలో 15 నమోదులు జరుగుతాయి. వారానికి రెండు రోజులంటే 30, అందులో సగం తిరిగి ఇచ్చేవి. కొత్తగా బయటికి వెళ్లేవి వారానికి 15, మూడు నెలల్లో 180. బడిలో 360 మంది ఉన్నారు. మూడు వేలు కాదు, ముప్పై వేల పుస్తకాలు తెచ్చిపెట్టినా ఆ తలుపులోంచి ఇంతకన్నా ఎక్కువ వెళ్లవు. ఈ సంగతి మీరే ముందు చెప్పి, ‘గ్రాంటు మొదలయ్యే నాటి నుంచి వారానికి అయిదు రోజులు, రోజుకు 40 నిమిషాలు తెరుస్తాం’ అని రాస్తే, పరిశీలకుల చేతిలో ఆక్షేపణ కావాల్సింది మీ వైపు బలమవుతుంది. దాచిపెడితే వాళ్లే కనిపెడతారు.

దరఖాస్తు పంపే ముందు ఇంకొక పని చేయగలిగితే మీ ప్రతిపాదన బరువే మారిపోతుంది. పనికొచ్చే చిన్న తరగతుల పుస్తకాల్లోంచి అరవై ఏరి, ఒక పెట్టెలో పెట్టి, ఆరో తరగతిలో ఒక సెక్షన్‌లో నాలుగు వారాలు ఉంచండి. పోయినా డబ్బు అడగబోమని చెప్పండి. రాసుకునే పని ఇద్దరు పిల్లలకు అప్పగించండి. 36 మందిలో 24 మంది కనీసం ఒకటి తీసుకెళ్లారనుకుందాం, మూడింట రెండు వంతులు. పిల్లలకు ఆసక్తి లేదనే అనుమానం దీనితో పోతుంది. సరిపోయే పుస్తకం అందుబాటులో ఉంటే తీసుకెళ్తారని మీ సొంత బడిలోనే ఆధారం దొరికింది. ఒకవేళ అయిదుగురే తీసుకెళ్తే? అప్పుడు మీ సమస్య పుస్తకాల కొరత కాదు, చాలామందికి ఇంకా ధారాళంగా చదవడం రాకపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు పుస్తకాల గ్రాంటు కన్నా చదవడం నేర్పే కార్యక్రమానికి దరఖాస్తు చేయడమే సరైన దారి. డబ్బు వచ్చాక ఈ సంగతి తెలియడం కన్నా ముందే తెలియడం నయం.

ఇంత జరిగాక అవసరాల వివరణ ఒక పేజీ దాటదు. ఇలా మొదలుపెట్టవచ్చు: ‘మా బడిలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 220 మంది పిల్లలున్నారు. గత మూడు నెలల్లో వారిలో 189 మంది గ్రంథాలయం నుంచి ఒక్క పుస్తకమూ ఇంటికి తీసుకెళ్లలేదు. వారి స్థాయికి తగిన, చదవగలిగే స్థితిలో ఉన్న పుస్తకాలు 320 మాత్రమే. గది వారానికి గంటసేపే తెరిచి ఉంటోంది. పుస్తకం పోతే డబ్బు కట్టాల్సి వస్తుందని పిల్లలు భయపడుతున్నారు. చివరి రెండు కారణాలనూ బడి తనంతట తానే సరిచేస్తోంది. మొదటిదానికి ఈ గ్రాంటు కోరుతున్నాం.’ ఆ తర్వాత సర్వే ఎలా చేశారో నాలుగు వాక్యాలు, పెట్టె ప్రయోగం గురించి నాలుగు వాక్యాలు చాలు. పుస్తక పఠనం గొప్పతనం గురించి రాయకండి, ఆ డబ్బు ఇచ్చేవాళ్లు అది నమ్మే ఇస్తున్నారు.

ఇక బడ్జెట్. ఇందులో 3,000 అన్న గుండ్రటి అంకె నిలవదు, అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేరు కాబట్టి. పైన తేలిన అవసరం నుంచి లెక్క కట్టండి. 220 మందికి తలకు అయిదు చొప్పున 1,100 కావాలి, ఉన్నవి 320, కొనాల్సినవి 780. దాన్ని 800 అనండి. పది చొప్పున ఎందుకు కాదని అడిగితే జవాబు ఉంది: ఏడాదిలో మీరు చేర్చుకుని, అచ్చంగా వాడుకలోకి తేగలిగినది ఇంతే.

ఎందుకు ఇంతేనో చూపించే లెక్క చాలా దరఖాస్తుల్లో కనిపించదు. పుస్తకం కొన్న రోజునే అలమరలోకి వెళ్లదు. రిజిస్టరులో ఎక్కించాలి, ముద్ర వేయాలి, నంబరు చీటీ అంటించాలి, అట్ట వేయాలి. పుస్తకానికి పన్నెండు నిమిషాలు పట్టిందనుకుంటే 800 పుస్తకాలకు 160 గంటలు. రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే నలభై రోజులు. పాఠాలు చెప్తూ మీరు ఆ నలభై రోజులు ఎక్కడ తెస్తారు? గ్రాంటు డబ్బుతో వచ్చిన పుస్తకాలు నెలల తరబడి అట్టపెట్టెల్లోనే ఉండిపోయే బళ్లలో కారణం చాలావరకు ఇదే. కాబట్టి ఆ 160 గంటల పనికి కూలి బడ్జెట్‌లో పెట్టండి, గంటల లెక్కతో సహా. సిబ్బంది ఖర్చుకు డబ్బివ్వబోమని ఆ సంస్థ నిబంధనల్లో ఉంటే, ఆ పని ఎవరు ఎప్పుడు చేస్తారో పేరు లేకుండా హోదాతో రాసి, బడి భరించే వాటా కింద చూపండి.

ధరలు సంస్థను బట్టీ, చోటును బట్టీ మారుతాయి కాబట్టి, మొత్తం గ్రాంటును వంద భాగాలనుకుని నేనైతే ఎలా పంచుతానో చెప్తాను. పుస్తకాలకు 59, అట్టలు, చీటీలు, బైండింగ్ సామగ్రికి 6, చేర్పు పనికి 8. పిల్లలకు చేయి అందే ఎత్తులో, పుస్తకం ముఖచిత్రం కనిపించేలా పెట్టే అలమరలకు 14. పోయినవాటి బదులు కొనడానికి 3. ఉపాధ్యాయులకు చదివి వినిపించడం, పుస్తకం పరిచయం చేయడం మీద శిక్షణకు 5. ఫలితాల కొలతకు, నివేదికకు 5.

ఒక్కో పద్దు కింద రెండు మూడు వాక్యాల సమర్థన ఉండాలి. అందులో మూడు సంగతులు చాలు: ఎన్ని, ఒక్కోటి ఎంత, అవసరాల వివరణలో ఏ వాక్యం కోసం. పుస్తకాల పద్దు కింద ‘800 పుస్తకాలు, సగటు ధర ఇంత’ అని రాస్తే ఆ సగటు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. మీరు నిజంగా కొనదలచిన యాభై పుస్తకాల పేర్లు ప్రచురణకర్తల జాబితాల్లోంచి తీసి, తగ్గింపు పోనూ, రవాణా కలుపుకుని సగటు కట్టండి. ఆ యాభై పేర్ల జాబితాను అనుబంధంగా జతచేయండి. అలమరలకు కొటేషన్లు తీసుకోండి, ఎన్ని కావాలో సంస్థ నిబంధనల్లో చూడండి. పోయినవాటి బదులుకు 3 భాగాలు ఎందుకంటే, ఏడాదిలో నూటికి అయిదు పోతాయనో చిరుగుతాయనో అనుకున్నాం. 800కి 40. పిల్లల నుంచి డబ్బు తీసుకోబోమని మీరే రాశారు కాబట్టి ఆ 40 పుస్తకాల భారం ఎవరిదో చెప్పాల్సిందే. అవసరంలో చెప్పిన భయం, బడి తీసుకున్న నిర్ణయం, బడ్జెట్‌లోని ఈ చిన్న పద్దు ఒకదానికొకటి ముడిపడి ఉండటం చూసినప్పుడు చదివేవాళ్లకు మీ మీద నమ్మకం కుదురుతుంది.

పుస్తకాలన్నీ ఒకేసారి కొనకండి. మొదట 500, నాలుగు నెలల తర్వాత 300. మొదటి విడతలో పిల్లలు దేనికోసం వరుసలో ఉన్నారో, దేన్ని ముట్టలేదో రిజిస్టరు చెప్తుంది. రెండో విడతలో ఎక్కువ మంది అడిగిన పుస్తకాలకు అదనపు ప్రతులు, అలాంటివే మరికొన్ని కొనవచ్చు. పెద్దలు ఎంచిన జాబితాలో కొంత తప్పక గురి తప్పుతుంది. రెండో విడత ఆ తప్పును సరిదిద్దుకునే అవకాశం. సంస్థ డబ్బును ఫలానా తేదీలోగా ఖర్చు చేయాలంటే, రెండో విడత ఆ తేదీకి ముందే పడేలా చూసుకోండి.

కంప్యూటర్లు తీసేయండి. మీ అవసరాల వివరణలో కంప్యూటరు తీర్చే కొరత ఒక్కటీ లేదు. పనికొచ్చే పుస్తకాలు రెండు వేల లోపే ఉండే బడికి జాగ్రత్తగా రాసే ఇష్యూ రిజిస్టరో, ఉన్న కంప్యూటరులో ఒక స్ప్రెడ్‌షీటో సరిపోతుంది. కోహా లాంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది గానీ, దాన్ని నడిపి కాపాడే మనిషి కావాలి. అవసరంతో సంబంధం లేని ఒక్క పెద్ద పద్దు ఉంటే మిగతా పద్దుల మీద కూడా అనుమానం పడుతుంది.

బడి తన వంతుగా ఇచ్చేవి, అంటే గది, అదనపు వేళల్లో ఉపాధ్యాయుల సమయం, పాత పుస్తకాల ఏరివేత, వేరే నిలువు గడిలో చూపండి. ఇక్కడ ఒక జాగ్రత్త. కాగితం మీద రాసిన వాటా రేపు నివేదికలో చూపించాల్సిన వాటా అవుతుంది. గంటల పట్టిక రాయలేనంత పెద్ద హామీ ఇవ్వకండి.

ఇక ఫలితాలు. ‘800 పుస్తకాలు కొంటాం, నాలుగు పఠన కార్యక్రమాలు జరుపుతాం’ అన్నవి మీరు చేసే పనులు. ఆ పనుల వల్ల పిల్లల్లో వచ్చే మార్పే ఫలితం. కొలవదగిన ఫలితానికి ఇప్పటి అంకె, చేరాల్సిన అంకె, తేదీ, ఆధారం ఉండాలి. మీకు ఇప్పటి అంకె ఇదివరకే చేతిలో ఉంది కాబట్టి వాక్యం దానంతట అదే వస్తుంది: ‘ప్రాజెక్టు మొదలైన 12 నెలలకు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల 220 మందిలో మూడు నెలల వ్యవధిలో కనీసం ఒక పుస్తకం ఇంటికి తీసుకెళ్లినవారు 31 నుంచి 150కి, ప్రతి నెలా తీసుకెళ్లినవారు 9 నుంచి 70కి చేరతారు. ఆధారం: ఇష్యూ రిజిస్టరు. లెక్కించేది: గ్రంథాలయ బాధ్యురాలు. సరిచూసేది: మరో ఉపాధ్యాయుడు.’

150 ఎందుకు, 220 ఎందుకు కాదు? పెట్టె ప్రయోగంలో మూడింట రెండు వంతుల మంది తీసుకున్నారు, 220లో ఆ వంతు 147. ప్రయోగం నాలుగు వారాలే సాగింది, కొత్త మోజు కొంత ఉంటుంది. అయితే మూడు నెలల్లో తీసుకునే అవకాశాలూ ఎక్కువే. అందుకే దాన్ని పైకి గానీ కిందికి గానీ సాగదీయకుండా ఉన్నచోట ఉంచాను. గది వేళలు కూడా సరిపోతాయో లేదో చూసుకోవాలి. రోజుకు 40 నిమిషాలంటే 20 నమోదులు, వారానికి 100, అందులో ఇచ్చేవి 50. మూడు నెలల్లో 600. 70 మంది నెలనెలా, మిగిలిన 80 మంది కనీసం ఒక్కసారి తీసుకుంటే 290 అవుతాయి. పెద్ద తరగతుల వాళ్లకూ చోటు మిగులుతుంది.

రెండు చిక్కులున్నాయి. ఏడాది తర్వాత ఎనిమిదో తరగతి వాళ్లు తొమ్మిదికి వెళ్లిపోతారు, ఆరులోకి కొత్తవాళ్లు వస్తారు. కాబట్టి మీరు పోల్చేది అవే పిల్లల్ని కాదు, అవే తరగతుల్ని అని స్పష్టంగా రాయండి. పోల్చే మూడు నెలలూ ఏడాదిలో అవే నెలలు కావాలి. పరీక్షల నెలల అంకెతో మొదలుపెట్టి బడి తెరిచిన కొత్తల్లోని అంకెతో ముగిస్తే, ఏ గ్రాంటూ లేకుండానే పెరుగుదల కనిపిస్తుంది.

తీసుకెళ్లినంత మాత్రాన చదివినట్టు కాదు. తరగతికి ఇన్ని ఇష్యూ కావాలని ఉపాధ్యాయుల మీద ఒత్తిడి పెడితే రిజిస్టరు నిండుతుంది, పుస్తకాలు సంచుల్లోనే తిరిగి వస్తాయి. అందుకే రెండో కొలత ఒకటి పెట్టుకోండి. మూడు నెలలకోసారి, పుస్తకం తీసుకున్న పిల్లల్లోంచి చీటీలతో 20 మందిని ఎంచి, ఒక్కొక్కరితో రెండు నిమిషాలు ఆ పుస్తకం గురించి మాట్లాడండి. పూర్తిగా చదివారు, కొంత చదివారు, తెరవలేదు అని మూడు గళ్లు చాలు. మార్కుల్లేవని పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే అందరూ చదివామనే అంటారు. గ్రాంటు మొదలయ్యే ముందు ఒకసారి ఇది చేసి, ఆ అంకె మీద లక్ష్యం పెట్టండి. నమూనా చిన్నది కాబట్టి ఒకరిద్దరి తేడాకు అర్థం వెతకకండి. రిజిస్టరు అంకె పెరుగుతూ ఈ అంకె పడిపోతుంటే మాత్రం ఒత్తిడి మొదలైందని గుర్తు.

మార్కుల వాక్యం కొట్టేయండి. మార్కులను బోధన, పరీక్ష కఠినత్వం, ఇంటి పరిస్థితులు లాంటి ఎన్నో సంగతులు కదిలిస్తాయి. ఏడాదిలో వచ్చిన మార్పు పుస్తకాల వల్లేనని మీరు నిరూపించలేరు, తగ్గితే అది మీ వైఫల్యం కాదనీ చెప్పుకోలేరు. సంస్థ చదువులో మార్పు చూపమని పట్టుబడితే, ఒక నిమిషంలో ఎన్ని మాటలు తప్పు లేకుండా చదివారో ఏడాది మొదట్లోనూ చివర్లోనూ అదే స్థాయి పాఠంతో చూసి నివేదిస్తామనండి. ఎటూ ఏడాది గడిచేసరికి పిల్లలు కొంత మెరుగవుతారు కాబట్టి దాన్ని లక్ష్యంగా కాక సమాచారంగా మాత్రమే ఇస్తామని రాయండి.

పంపే ముందు మూడు భాగాలనూ పక్కపక్కన పెట్టి, బడ్జెట్‌లో ఒక్కో పద్దు మీద వేలు పెట్టి, అవసరాల వివరణలో దాని వాక్యాన్ని వెతకండి. దొరక్కపోతే పద్దు తీసేయండి లేదా ఆ వాక్యం రాయండి. తర్వాత ఒక్కో ఫలితం నుంచి వెనక్కి వచ్చి, దాన్ని కొలిచే పనికి మనిషీ సమయమూ ఎక్కడున్నాయో చూడండి. శిక్షణ పద్దు దగ్గర మీకు తడబాటు రావచ్చు. దానికి అవసరంలో ఆధారం లేకపోతే ఆ 5 భాగాలను పుస్తకాలకు మళ్లించండి, నాకేమీ అభ్యంతరం లేదు.

సంస్థ మీరడిగినదాంట్లో కొంతే ఇస్తామనవచ్చు. దానికి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. వందకు డెబ్బై రెండు భాగాలే వస్తే, అన్ని పద్దులనూ సమానంగా కోయకండి. రెండో విడత 300 పుస్తకాలు, వాటి అట్టలు, చేర్పు పని, వాటి వంతు బదులు ఖర్చు కలిసి దాదాపు 28 భాగాలవుతాయి. వాటిని పూర్తిగా వదిలేసి, మొదటి విడత 500 పుస్తకాలనూ వాటి చేర్పు పనినీ చెక్కుచెదరకుండా ఉంచండి. ఆ పుస్తకాలను ఆరు, ఏడు తరగతులకు పరిమితం చేసి, లక్ష్యాన్ని ఆ రెండు తరగతుల్లో మూడింట రెండు వంతులుగా తిరగరాసి, మారిన లక్ష్యానికి ఒప్పుకున్నట్టు సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే సంతకం చేయండి.